ప్రమోషన్ అడగాలి: లెవెల్ గైడ్‌లోని అంశాలకు ఎదురుగా చేసిన పని ఎలా రాయాలి?

మియాపూర్_మెట్రో

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక జీసీసీలో బ్యాకెండ్ ఇంజినీర్‌ని. బ్యాంకుల నుంచి రోజూ వచ్చే సెటిల్‌మెంట్ ఫైళ్లను మా లెడ్జర్‌తో సరిచూసే టీమ్ మాది. లెవెల్ 2లో మూడేళ్లు నిండాయి. ఏప్రిల్ సైకిల్‌లో సీనియర్ అడగాలనుకుంటున్నా. మేనేజర్లు జనవరిలో పేర్లు పంపుతారు, అంటే చేతిలో రెండు నెలలుంది. వచ్చే గురువారం మేనేజర్‌తో వన్ ఆన్ వన్.

మా లెవెల్ గైడ్‌లో సీనియర్‌కి నాలుగు అంశాలున్నాయి. నా మాటల్లో రాస్తున్నా: స్పష్టత లేని సమస్యను డిజైన్ నుంచి ప్రొడక్షన్ దాకా తానే నడిపించాలి. తన సిస్టమ్ నిలకడకు బాధ్యత తీసుకోవాలి. సొంత టీమ్ దాటి వేరే టీమ్‌లతో నిర్ణయాలు తెమల్చాలి. జూనియర్లను తయారుచేయాలి.

ఏడాదిలో చేసినవి ఇలా రాసుకున్నా: 47 స్టోరీలు పూర్తి. రాత్రిపూట నడిచే రికన్సిలియేషన్ జాబ్ 5 గంటల 40 నిమిషాల నుంచి 1 గంట 50 నిమిషాలకు తగ్గింది. ఆన్‌కాల్ అలర్ట్‌లు వారానికి 60 నుంచి 14కి వచ్చాయి. జావా 11 నుంచి 17కి మార్పు. తొమ్మిది ఇంటర్వ్యూలు. ఇద్దరు ఫ్రెషర్లకు మెంటర్. దీపావళి వారం ఆన్‌కాల్. ఒక స్పాట్ అవార్డు. ఒక్క డెడ్‌లైన్ కూడా తప్పలేదు.

ఇది సరిపోతుందా? ఏం మార్చాలి?

లెక్కల_రావు

బాగానే ఉంది బ్రో. ఒక్కటే లోపం, అన్నింటికీ శాతాలు లేవు. జాబ్ టైమ్ 68 శాతం తగ్గింది అని రాయి. అలర్ట్‌లు 77 శాతం. మెంటరింగ్‌కి కూడా గంటలు లెక్కేసి పెట్టు. నంబర్ లేని లైన్ పైవాళ్లు చదవరు. 47 స్టోరీలు పైనే ఉంచు, టీమ్ సగటు 30 అయితే అది కూడా పక్కన రాయి.

పాతకాపు

రావు గారు చెప్పిందాంట్లో సగం తీసుకోండి. అంకెలు కావాలి, నిజమే. కానీ 47 స్టోరీలు పైన పెడితే మీ కేసు అక్కడే బలహీనపడుతుంది. స్టోరీలు ఎక్కువ చేయడమంటే లెవెల్ 2 పనిని చాలా బాగా చేయడం. దానికి మంచి రేటింగ్ వస్తుంది, బోనస్ వస్తుంది. ప్రమోషన్‌కి అడిగే ప్రశ్న వేరు: పై లెవెల్ పని ఇప్పటికే చేస్తున్నారా? ఈ రెంటినీ కలిపేయడం వల్లే "ఎక్సీడ్స్ రేటింగ్ వచ్చింది, ప్రమోషన్ మాత్రం రాలేదు" అనే మాట ప్రతి ఏప్రిల్‌లోనూ వినిపిస్తుంది.

ముందు కాగితాన్ని రెండు నిలువు వరసలు చేయండి. ఎడమవైపు గైడ్‌లోని నాలుగు అంశాలను అక్షరం మార్చకుండా రాయండి. ఇక్కడ మాకు చెప్పినట్టు మీ మాటల్లో కాదు, గైడ్‌లో ఉన్న మాటల్లోనే. మీ మేనేజర్ రేపు ప్రమోషన్లు తేల్చే ప్యానెల్ ముందు ఆ మాటలతోనే మాట్లాడాలి, అనువాదం చేసే పని ఆయనకు పెట్టకూడదు. కుడివైపు గత 12 నెలల్లోని పనుల్ని ఒక్కొక్కటిగా తీసి, ఏ అంశం ఎదురుగా పెట్టగలరో చూడండి. ఎక్కడా ఇమడనివి కాగితం మీంచి పోతాయి. మీ జాబితాలో 47 స్టోరీలు, దీపావళి ఆన్‌కాల్, డెడ్‌లైన్లు, స్పాట్ అవార్డు పోతాయి. ఇంటర్వ్యూలు గైడ్‌లో ఉంటే ఉంచండి, లేకపోతే అవీ తీసేయండి. మిగిలేవి నాలుగు: రాత్రి జాబ్, అలర్ట్‌లు, జావా మార్పు, ఫ్రెషర్లు. అంశానికి ఒకటి వచ్చింది, చెడ్డ పరిస్థితేం కాదు.

ఇక వాటిలో ఏది నిజంగా సీనియర్ పనో తేలాలి. జావా మార్పునే తీసుకోండి. "ఈ ఆరు సర్వీసులు మార్చు, ఇదిగో ప్లాన్" అని లీడ్ ఇస్తే మీరు చేశారా? అయితే అది లెవెల్ 2 పనే. ఏ సర్వీసు ముందు, ఏది తర్వాత, ఎవరిని ఒప్పించాలి అన్నది మీరే తేల్చారా? అప్పుడది మూడో అంశంలోకి వస్తుంది. పని ఒకటే, ఎవరు నిర్ణయించారన్న దాన్నిబట్టి లెవెల్ మారుతుంది.

రాత్రి జాబ్ గురించి మూడు సంగతులు చెప్పండి. అది నెమ్మదిగా ఉండటం వల్ల ఎవరికి ఇబ్బంది? ఏం చేయాలో ఎవరు తేల్చారు? మీతోపాటు ఇంకెవరు పనిచేశారు?

కాకినాడ_కాజా

అండీ, నేను రాష్ట్ర ప్రభుత్వంలో జూనియర్ అసిస్టెంట్‌ని. సీనియర్ అసిస్టెంట్ ప్రమోషన్ కోసం నేనూ ఇలా చేసిన పనులు రాసి మా సూపరింటెండెంట్ గారికి ఇవ్వొచ్చా? డిజిటైజేషన్‌లో నేను చాలా ఫైళ్లు చేశాను.

శాంతి_జీ

కాజా గారూ, మీ దగ్గర లెక్క వేరండి. సీనియారిటీ జాబితాలో మీ స్థానం, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసయ్యారా లేదా, పై పోస్టు ఖాళీ ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా పెండింగ్‌లో ఉన్నాయా, అక్కడ చూసేవి ఇవి. పనుల జాబితా ఇస్తే తప్పేం లేదు గానీ దానివల్ల వరస మారదు. టెస్టు పాసైన వివరం సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో, తాజా సీనియారిటీ జాబితాలో మీ పేరు సరైన చోట ఉందో లేదో ముందు చూసుకోండి. తప్పుంటే అభ్యంతరానికి ఇచ్చిన గడువులోపే రాతపూర్వకంగా ఇవ్వాలి.

మియాపూర్_మెట్రో

పాతకాపు గారూ, థాంక్స్. రాత్రి జాబ్ వివరం ఇది.

బ్యాంకు ఫైల్ రాత్రి ఒకటిన్నరకి వస్తుంది. జాబ్ 7 గంటల 10 నిమిషాలకి అయ్యేది. ఆపరేషన్స్ వాళ్లు తొమ్మిదింటికి తేడాల రిపోర్టు తెరుస్తారు. మధ్యలో ఫెయిలైతే మొదటి నుంచీ నడపాలి, ఇక రిపోర్టు మధ్యాహ్నానికే. పెద్ద మెషిన్ తీసుకుందామని మా లీడ్ అన్నారు. నేను కొలిచి చూస్తే మెషిన్ ఖాళీగానే ఉంది. ప్రతి వరసకీ డేటాబేస్‌కి ఒక క్వెరీ వెళ్తోంది, సమయమంతా అక్కడే పోతోంది. 5,000 వరసల చొప్పున ఒకేసారి తెచ్చేలా డిజైన్ రాశాను. రివ్యూలో లీడ్ ఒప్పుకున్నారు. టేబుల్‌ని తేదీలవారీగా విడగొట్టే పని మాత్రం నా కొలీగ్ చేశారు.

జావా విషయానికొస్తే, ఒక షేర్డ్ లైబ్రరీని నాలుగు టీమ్‌లు వాడతాయి. ఒక టీమ్ ఇప్పుడు కుదరదంది. పాత, కొత్త వెర్షన్లు రెండూ కొన్నాళ్లు నడిచేలా చేసి, ఎవరు ఎప్పుడు మారాలో వరస నేనే రాసి, అందరితో ఒప్పించాను.

పాతకాపు

చూశారా, మీ కేసులోని అసలు బలాన్ని జాబితాలో పెట్టకుండా వదిలేశారు. "5:40 నుంచి 1:50" అనేది ఇంజినీర్లకు అర్థమయ్యే ఫలితం. ప్యానెల్‌లో కూర్చునే మిగతా మేనేజర్లకు మీ సిస్టమ్ తెలీదు. అది విని "అయితే ఏంటి?" అంటారు, మీ మేనేజర్ దగ్గర అప్పటికప్పుడు జవాబుండదు.

లెక్క ఇలా చూడండి. పాత పద్ధతిలో 7:10కి అయ్యేది. కాస్త ఆలస్యంగా ఫెయిలైనా మళ్లీ నడపడానికి తొమ్మిదిలోపు చోటు లేదు. ఇప్పుడు 3:20కి అవుతోంది. సరిగ్గా చివరి నిమిషంలో ఫెయిలై మొత్తం మళ్లీ నడిపినా 5:10కి అయిపోతుంది. కాబట్టి ఇక్కడ అసలు ఫలితం వేగం కాదు, ఒకసారి ఫెయిలైనా రిపోర్టు తొమ్మిదింటికి సిద్ధంగా ఉండటం. దాన్ని కొలవాలంటే రిపోర్టు ఆలస్యమైన రోజులు లెక్కపెట్టండి. మార్పుకి ముందు మూడు నెలల్లో ఎన్ని, తర్వాత మూడు నెలల్లో ఎన్ని? జాబ్ లాగ్‌లో ముగిసిన సమయాలు ఉంటాయి, అరగంట పని. క్వార్టర్ చివర్లో ఫైల్ పెద్దదవుతుంది కదా, రెండు వైపులా ఒక్కో క్వార్టర్ ముగింపు ఉండేలా చూసుకోండి. లేకపోతే తేలిక నెలలతో పోల్చారంటారు.

లీడ్ పెద్ద మెషిన్ అన్నారు, మీరు కొలిచి వేరే దారి చూపించారన్న ముక్క తప్పకుండా రాయండి. లీడ్‌ని తప్పుపట్టినట్టు కాకుండా "మెషిన్ పెంచడం, క్వెరీ మార్చడం రెండూ కొలిచి రెండోది ఎంచుకున్నాను" అంటే చాలు. స్పష్టత లేని సమస్యను నడిపించడమంటే ఇదే. కొలీగ్ చేసిన పనిని కూడా అదే లైన్‌లో చెప్పేయండి. మీరు చెప్పకపోతే ప్యానెల్‌లో ఆ కొలీగ్ మేనేజరే చెప్తాడు, అప్పుడు మీ మిగతా లైన్ల మీద కూడా అనుమానం వస్తుంది.

శాంతి_జీ

నేను మేనేజర్‌ని, ఇలాంటి కాగితాలు చదువుతుంటాను, ప్యానెల్ కూర్చుని పేర్లు తేల్చే క్యాలిబ్రేషన్ మీటింగ్‌లో నా టీమ్ వాళ్ల కోసం మాట్లాడుతుంటాను. అక్కడ ఒక్కో పేరుకి దొరికేది కొద్ది నిమిషాలే. మొదట వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అది తను చేసిందా, టీమ్ చేసిందా?" కాబట్టి పాతకాపు గారి చివరి మాటకి నా ఓటు.

నాకు అనుమానం మీ అలర్ట్‌ల లైన్ మీద. 60 నుంచి 14 అంటే చాలా పెద్ద తగ్గుదల. ఈమధ్య ఏదైనా సర్వీసు మీ టీమ్ నుంచి బయటికి వెళ్లిందా? అలర్ట్ పరిమితిని ఎవరైనా సడలించారా? ట్రాఫిక్ తగ్గిందా? ఈ మూడింటిలో ఏది జరిగినా మీ అంకె మీది కాకుండా పోతుంది. నేనైతే ప్యానెల్‌కి వెళ్లేముందే అడుగుతాను. అడగని మేనేజరైతే ప్యానెల్ అడుగుతుంది.

లెక్కల_రావు

మేడమ్, అంత తవ్వుకుంటే ఎవరికీ ప్రమోషన్ రాదు. డ్యాష్‌బోర్డులో 60 ఉంది, 14 ఉంది. అది అబద్ధం కాదు కదా.

శాంతి_జీ

అబద్ధం కాదు రావు గారూ. కానీ డ్యాష్‌బోర్డు అవతలివాళ్లు కూడా తెరవగలరు. ఒక్క అంకె జారితే మిగతా మూడూ నమ్మరు.

మియాపూర్_మెట్రో

మేడమ్, మీరు అడిగాక చూశాను. జూన్‌లో రెండు సర్వీసులు పేమెంట్స్ టీమ్‌కి వెళ్లాయి. అంతకుముందు వాటి నుంచి వారానికి 22 దాకా వచ్చేవి. ట్రాఫిక్ ఏం తగ్గలేదు. పరిమితులు రెండిటికి నేనే మార్చాను, అవి ఎవరూ చర్య తీసుకోని అలర్ట్‌లు. అంటే అసలు లెక్క 38 నుంచి 14. కాస్త చిన్నబోయింది.

శాంతి_జీ

ఏం చిన్నబోలేదు. "మా దగ్గర మిగిలిన సర్వీసుల్లో వారానికి 38 నుంచి 14. బదిలీ అయిన రెండు సర్వీసుల్ని లెక్కలోంచి తీసేశాను" అని రాయండి. ఆ రెండో వాక్యం చూస్తే చదివేవాళ్లకి మీ మీద నమ్మకం కలుగుతుంది. పరిమితులు మార్చిన సంగతీ దాచకండి. కాకపోతే అంతటితో ఆపొద్దు, అలర్ట్‌లు తగ్గాక నిజమైన సమస్య ఏదైనా కళ్లుగప్పి పోయిందా అన్నది చెప్పండి. అదే కాలంలో ఆపరేషన్స్ వాళ్లే ముందు గుర్తించి మీకు ఫోన్ చేసిన సంఘటనలు ఎన్ని? సున్నా అయితే సున్నా అనండి. అలర్ట్ తగ్గించి అసలు జబ్బును దాచారేమో అన్న ప్రశ్నకి జవాబు అదొక్కటే.

పాతకాపు

శాంతి గారి మాటకి ఒక చేర్పు. రావు గారు మెంటరింగ్‌కి గంటలు లెక్కేయమన్నారు, అది మాత్రం వద్దు. వారానికి మూడు గంటలు కూర్చున్నానంటే మీరు పెట్టిన ఖర్చు తెలుస్తుంది, దాని ఫలితం తెలీదు. ఫలితం ఆ ఫ్రెషర్ దగ్గర కనిపించాలి. ముందు ఏది ఒంటరిగా చేయలేకపోయేవాళ్లు, ఇప్పుడు ఏది చేస్తున్నారు? ఇద్దరిలో ఒకరికే అది జరిగితే ఒకరి గురించే రాయండి.

మియాపూర్_మెట్రో

ఒకరు ఆగస్టు నుంచి ఒంటరిగా ఆన్‌కాల్ చూస్తున్నారు. ఇంకొకరు చేరి నాలుగు నెలలే అయింది.

పాతకాపు

అయితే ఆ మొదటి వ్యక్తి చాలు. "ఆగస్టు నుంచి ఒంటరిగా ఆన్‌కాల్, అందుకు నేను రాసిన రన్‌బుక్ ఇప్పుడు టీమ్ అంతా వాడుతోంది" లాంటిది, నిజమైతేనే. దీనికి శాతం అక్కర్లేదు.

బెంచ్_మీద

ఇదంతా ప్రొడక్ట్ కంపెనీల ముచ్చట అన్నా. నేను సర్వీస్ కంపెనీలో ఉన్నా. మా దగ్గర ఎంత రాసినా "ప్రాజెక్టులో ఆ రోల్ లేదు" అంటారు. క్లయింట్ బిల్లింగ్ పాత బ్యాండ్‌కే ఉంటే కొత్త బ్యాండ్ ఎట్లిస్తారు? ఈ కాగితాలు దండగ.

పాతకాపు

దండగ కాదు గానీ మీ దగ్గర అది రెండో మెట్టు. మొదటి మెట్టు ఖాళీ ఉందా అన్నది. క్లయింట్‌తో కాంట్రాక్టు ఎప్పుడు మారుతోంది, అప్పుడు మీ టీమ్‌లో ఎంతమందిని ఏ బ్యాండ్‌లో బిల్లు చేస్తారు అన్నది ముందు డెలివరీ మేనేజర్‌ని అడగండి. ఖాళీ లేదంటే అదే కాగితాన్ని కంపెనీ లోపలి వేకెన్సీలకి వాడండి. అవతలి ప్రాజెక్టువాళ్లకి మీరెవరో తెలీదు కాబట్టి అక్కడ ఇది ఇంకా ఎక్కువ అవసరపడుతుంది.

మీలాంటివాళ్లు ఒక విషయంలో జాగ్రత్త. ఆధారం పేరుతో క్లయింట్ డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్లు, డిజైన్ డాక్యుమెంట్లు సొంత మెయిల్‌కి పంపుకోకండి. ప్రమోషన్ మాట అటుంచి, సెక్యూరిటీ టీమ్ నుంచి నోటీసు వస్తుంది. ఫైలు ఆఫీసు డ్రైవ్‌లోనే ఉండాలి, ఆధారానికి లింకులు మాత్రమే పెట్టాలి.

డల్లాస్_దొర

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక ముక్క. గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పర్మ్ మొదలుపెట్టి ఉంటే, ప్రమోషన్ అడిగేముందు కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. పర్మ్ ఒక నిర్దిష్టమైన ఉద్యోగానికి, ఆ ఉద్యోగం చేసే పనులకి సంబంధించింది. ఇంజినీర్ నుంచి పీపుల్ మేనేజర్‌కి మారితే పనులు బాగా మారిపోతాయి, కేసు మళ్లీ మొదటికి రావచ్చు. ఇంజినీర్ నుంచి సీనియర్ ఇంజినీర్ అయితే ఇంత తేడా ఉండకపోవచ్చు గానీ, అది తేల్చాల్సింది లాయరే. మేనేజర్‌కి ఈ సంగతి తెలియకపోవచ్చు, హెచ్‌ఆర్‌లో కూడా అందరికీ తెలీదు.

మియాపూర్_మెట్రో

ఇప్పుడు నాకు మూడో అంశమే గుబులుగా ఉంది. టీమ్ దాటిన పని అంటే జావా లైబ్రరీ ఒక్కటే. అది బలహీనంగా ఉందని నేనే రాయాలా, ఊరుకోవాలా?

లెక్కల_రావు

నీ లోపం నువ్వెందుకు రాస్తావు బ్రో? వాళ్లు కనిపెడితే అప్పుడు చూద్దువు. ఆ కాగితం మేనేజర్ పైకి పంపితే నీ చేతిరాతతోనే నీకు కాదంటారు.

పాతకాపు

నేనైతే రాయమంటాను. "ఇప్పటిదాకా ఒక ఉదాహరణ ఉంది. జనవరిలోపు రెండోది కావాలనుకుంటున్నాను, ఫలానా పని తీసుకోగలను" అని. లోపం పక్కనే అడగాల్సిన పని ఉంటే అది లోపంలా కనిపించదు.

శాంతి_జీ

ఇక్కడ మీ ఇద్దరికీ మధ్యలో ఉన్నాను. కాగితంలో రాయొద్దు, నోటితో చెప్పండి. కాగితం నా చేతి నుంచి మా డైరెక్టర్‌కి వెళ్తుంది, అక్కడ సందర్భం ఉండదు. రావు గారి భయంలో అర్థముంది. కానీ గురువారం మాట్లాడేటప్పుడు మాత్రం మీరే ముందు ఎత్తాలి. ఒక్క ఉదాహరణని ప్యానెల్ "అనుకోకుండా కలిసొచ్చింది" అంటుంది, రెండుంటే "తన పద్ధతే అది" అంటుంది. జనవరికి రెండోది పూర్తి కాకపోయినా, అవతలి టీమ్‌లు సంతకం పెట్టిన డిజైన్ ఉంటే నేను దాన్ని చెప్పుకోగలను.

పాతకాపు

మీ డైరెక్టర్ గురించి మీకు తెలుసు. మా దగ్గర లోపం లేని కాగితాన్నే ఎక్కువ అనుమానిస్తారు. మెట్రో గారూ, మీ మేనేజర్‌నే అడగండి, ఆ కాగితం ఎంతదూరం వెళ్తుందో.

డల్లాస్_దొర

వేరే కంపెనీ ఆఫర్ లెటర్ ఒకటి జేబులో పెట్టుకుంటే ఇంత అవసరం ఉండదు కదా?

శాంతి_జీ

దాంతో జీతం కదలొచ్చు. లెవెల్ కదలదు, ఎందుకంటే ప్యానెల్‌లో ఆఫర్ లెటర్ చూపించి "ఇదిగో రెండో అంశం" అనలేను. పైగా ఆ తర్వాత నా దగ్గర పెద్ద పని వచ్చినప్పుడు, వెళ్లిపోతారేమో అనుకునే మనిషికి ఇవ్వాలా అన్న ఆలోచన వస్తుంది. రాకూడదంటారు, వస్తుంది.

బెంచ్_మీద

మా దగ్గర మాత్రం ఆఫర్ లెటర్‌కే బ్యాండ్ మారింది, కళ్లారా చూసినా. మీరు ఒప్పుకోకపోతే నేనేం చేయలేను.

మియాపూర్_మెట్రో

గురువారం సంభాషణ ఎలా మొదలుపెట్టాలి? నేరుగా "నాకు ప్రమోషన్ కావాలి" అంటే ఎబ్బెట్టుగా ఉంటుందేమో.

శాంతి_జీ

ఎబ్బెట్టేం లేదు, నేరుగానే అనండి. సణుక్కుంటూ "కెరీర్ గురించి మాట్లాడదాం" అంటే నేను ట్రైనింగ్ కోర్సుల గురించి అనుకుంటాను.

మంగళవారమే కాగితం పంపేయండి, ఒక పేజీ దాటకూడదు. మీటింగ్‌లో తెరిస్తే నేను చదువుతూ ఉంటాను, మీరు నా మొహం చూస్తూ ఉంటారు. పంపేటప్పుడు ఒక్క లైన్ చాలు: "ఏప్రిల్ సైకిల్‌లో సీనియర్‌కి నా పేరు పంపమని అడగాలనుకుంటున్నాను. గైడ్‌లోని నాలుగు అంశాలకు ఎదురుగా ఆధారాలు పెట్టాను. గురువారం మాట్లాడదాం."

మీటింగ్‌లో కాగితాన్ని చదివి వినిపించకండి. రెండు ప్రశ్నలు అడగండి. "ఈ నాలుగింటిలో మీకు సందేహం లేనిది ఏది, సందేహం ఉన్నది ఏది?" తర్వాత "ప్యానెల్‌లో దేనిమీద అడ్డు చెప్తారు?" రెండో ప్రశ్న మేనేజర్‌ని మీ పక్కకి తెస్తుంది, ఎందుకంటే అక్కడ అడ్డు ఎదుర్కోవాల్సింది తనే.

ఇక "బాగుంది, చూద్దాం" అన్నారంటే అక్కడ ఆగకండి. చాలామంది ఆ మాట విని సంతోషంగా బయటికొస్తారు, మార్చిలో అడుగుతారు, అప్పటికి జాబితా మూసేసి రెండు నెలలవుతుంది. మర్యాదగానే అడగండి: "జనవరి జాబితాలో నా పేరు పెట్టే ఉద్దేశం ఉందా అండి? లేకపోతే ఏది ఆపుతోంది?" మూడు రకాల జవాబులుంటాయి. పెడతానంటే, ఇంకా ఏం ఆధారం కావాలో అడగండి. ఫలానా అంశం చాలదంటే, ఏం చూస్తే చాలనిపిస్తుందో ఆయన నోటితోనే చెప్పించండి. "ఇంకాస్త ఎదగాలి" లాంటి జవాబు మీద మీరు పని చేయలేరు. మూడోది బడ్జెట్ లేదనడం. అది నిజం కావచ్చు, సున్నితంగా కాదనడమూ కావచ్చు. తేడా తెలియాలంటే "బడ్జెట్ ఉంటే ఈసారి నా పేరు పంపేవారా?" అని అడగండి. వెంటనే అవునంటే సమస్య బడ్జెటే. తటపటాయిస్తే అసలు కారణం వేరే ఉంది, అది ఆరోజే బయటికి రావడం మీకు మంచిది.

బయటికొచ్చాక అదేరోజు నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి, మాట్లాడుకున్నది, ఎవరేం చేయాలి, ఎప్పటికి. లాయర్ నోటీసులా ఉండకూడదు.

లెక్కల_రావు

ఇది బాగుంది మేడమ్. ఆ బడ్జెట్ ప్రశ్న నేను కూడా వాడుకుంటా. కానీ ఒకటి, చాలా కంపెనీల్లో సెల్ఫ్ అప్రైజల్ ఫామ్ ఉంటుంది కదా. ఇదంతా అందులో రాస్తే సరిపోదా?

శాంతి_జీ

ఫామ్‌లోనూ రాయండి. కానీ చాలాచోట్ల ఫామ్ తెరుచుకునే వేళకి మేనేజర్ మనసులో పేర్లు కుదిరిపోయి ఉంటాయి. నేను ఫామ్‌లో మొదటిసారి ఒకరి ప్రమోషన్ కోరిక చూశానంటే ఆ ఏడాదికి చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

మియాపూర్_మెట్రో

లాగ్‌లు చూసి మొదటి అంశం తిరగరాశాను. ఆఫీసులో ఇంగ్లీషులోనే పెడతాను, ఇక్కడ తెలుగులో:

"గైడ్: స్పష్టత లేని సమస్యను డిజైన్ నుంచి ప్రొడక్షన్ దాకా నడిపించడం. పరిస్థితి: తేడాల రిపోర్టు తరచూ ఉదయం తొమ్మిదికి అందేది కాదు, కారణం తెలియదు. నా నిర్ణయం: మెషిన్ పెంచడం, క్వెరీలు మార్చడం రెండూ కొలిచాను. సమయమంతా వరసకొక క్వెరీ వెళ్లడంలో పోతోందని తేలింది, 5,000 వరసల చొప్పున తెచ్చే డిజైన్ రాసి అమలు చేశాను. టేబుల్ విభజన నా కొలీగ్ చేశారు. ఫలితం: రిపోర్టు ఆలస్యమైన రోజులు మార్పుకి ముందు క్వార్టర్‌లో 11, తర్వాత క్వార్టర్‌లో 1. రెండింటిలోనూ క్వార్టర్ ముగింపు ఉంది. ఆ ఒక్కరోజు బ్యాంకు ఫైలే ఆలస్యంగా వచ్చింది. ఆధారం: డిజైన్ డాక్యుమెంట్, జాబ్ లాగ్ లింకులు."

పాతకాపు

ఇప్పుడు మీ మేనేజర్ దీన్ని అలాగే చదివేయగలడు. "తరచూ" తీసేయండి, కింద 11 ఉందిగా. మిగతా మూడూ ఇంతే పొడవు ఉంటే పేజీ నిండుతుంది, పెరగనివ్వకండి.

మియాపూర్_మెట్రో

చివరిగా ఒక చిక్కు. మా మేనేజర్ ఫిబ్రవరిలో వేరే టీమ్‌కి మారుతున్నారని గుసగుస. క్యాలిబ్రేషన్ ఫిబ్రవరి చివర్లో. కొత్తాయనకి నా గురించి ఏమీ తెలీదు.

శాంతి_జీ

గుసగుసని మీటింగ్‌లో ఎత్తకండి, ఆయనకి ఇబ్బంది. జనవరిలో పేరు పంపేటప్పుడు చాలా కంపెనీల్లో మేనేజర్ ఒక రాతపూర్వక సమర్థన పెట్టాలి. అది సిస్టమ్‌లో ఎక్కిందో లేదో మాత్రం జనవరిలో అడిగి తెలుసుకోండి. మార్పు ఖాయమని ప్రకటించాక, పాతాయన్ని కొత్తాయనతో మీ గురించి పావుగంట మాట్లాడమని అడగొచ్చు, మీ పేజీ కూడా ఆయనకి ఇవ్వొచ్చు. క్యాలిబ్రేషన్‌కి పాత మేనేజర్‌ని పిలుస్తారా లేదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. మీ హెచ్‌ఆర్ పార్ట్‌నర్‌ని అడగండి.

పాతకాపు

మీ లీడ్‌తోనూ మాట్లాడి ఉంచండి. మేనేజర్ మారినా లీడ్ మారరు, కొత్తాయన మొదట అడిగేది ఆయన్నే. పెద్ద మెషిన్ సంగతి మీ కాగితంలో ఎలా రాశారో ఆయనకి ముందే చూపించండి.